ఏడు మెట్ల ఉత్తరం

త్రివిక్రమరావు గొంతు పోయింది. పోయినందుకు ఆయనకు పెద్దగా ఏమీ అనిపించలేదు. స్వరతంతువు మీద చిన్న కంతి ఉందని, తీసేస్తే సరిపోతుందని కడపలో డాక్టరు చెప్పాడు. తీసేశారు. నెల రోజులు నోరు మెదపకూడదన్నారు, గుసగుస కూడా పనికిరాదన్నారు. ఆయన తల ఊపి వచ్చేశాడు. ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెప్పిన మనిషికి గొంతు పోతే ఇంట్లో గోలగోలగా ఉండాలి. ప్రొద్దుటూరులో ఆ ఇంట్లో మాత్రం నాగరత్నమ్మ ఒక్కతే కంగారుపడింది. భర్త నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, చిన్న నోటుపుస్తకం మీద "మంచినీళ్లు" అని రాసి చూపించాడు.

ఆయనేమీ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కథ సులువయ్యేది. సమయానికి కాలేజీకి పోతాడు, సిలబస్ పూర్తి చేస్తాడు, ఎవరి మీదా చెయ్యి చేసుకోడు, ఎవరినీ పేరు పెట్టి అవమానించడు. వాళ్ల నాన్న పౌరోహిత్యం చేసేవాడు. పిల్లవాడిని తెల్లారకముందే లేపి సంథ చెప్పించేవాడు. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి, అర్థం సంగతి తర్వాత. కొడుకు పౌరోహిత్యంలోకి పోలేదు గానీ ఆ పద్ధతి మాత్రం ఆయనతో పాటు కంప్యూటర్ ల్యాబుదాకా వచ్చింది. ముందు రాయండి, తర్వాత అర్థమవుతుంది అనేవాడు పిల్లలతో. మొదట్లో ఆ తర్వాత కోసం తానూ ఎదురుచూసేవాడు. పోను పోను అదీ మానేశాడు. ఎప్పుడు మానేశాడో అడిగితే చెప్పలేడు. ఏదో ఒక సంవత్సరం లోపల ఒక దీపం ఆరింది, కరెంటు పోయిందేమోననుకుని ఆయన అలాగే చీకట్లో పని చేసుకుంటూ పోయాడు.

గొంతు పోయిన పదో రోజు ఒక ఫోన్ వచ్చింది. నాగరత్నమ్మ ఎత్తి స్పీకర్ పెట్టింది. పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి, తోట ఉన్న రైతు ఆదినారాయణ. ఆయన కొడుకు రాజశేఖర్ ఈ కాలేజీలోనే బీఎస్సీ కంప్యూటర్స్ చదివాడు. అన్నీ పాసయ్యాడు, ఒక్క జావా పేపరు తప్ప. అది మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ పోయింది. పాత సిలబస్‌కు ఇదే ఆఖరి సప్లిమెంటరీ అని యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇచ్చింది. ఇది దాటితే మూడేళ్ల చదువూ డిగ్రీ లేకుండానే మిగిలిపోతుంది.

"అమ్మా, సార్‌తో ఒక మాట చెప్పండి. ఈసారి ఫీజే కట్టనంటాండు. నాకు ఆ సబ్జెక్టు తలకెక్కదు నాయినా, నన్ను ఇడిసిపెట్టు అంటాండు. అన్నీ పాసయినోడు ఈ ఒక్కదాని కాడ ఎందుకు పడిపోతాండాడో నాకు తెలీడంల్యా. సార్ చెప్తే ఇంటాడేమో."

సారుకు మాట లేదని నాగరత్నమ్మ చెప్పింది. అవతల ఆదినారాయణ, అయ్యో, సారు ఒళ్లు జాగ్రత్త అని పెట్టేశాడు. ఫీజు గడువు ఇంక పద్దెనిమిది రోజులే ఉంది.

త్రివిక్రమరావు నోటుపుస్తకంలో "ఉత్తరం రాస్తాను" అని రాశాడు. ఎందుకు రాయాలనుకున్నాడో ఆయనకూ తెలియదు. జాలి పడ్డాడని చెప్పలేం, జాలి ఆయనకు చాలాకాలంగా తగలని వస్తువు. చేతిలో పని లేకపోవడమే అసలు కారణం కావచ్చు. రాజశేఖర్ కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయాడు, మెసేజీ పెడితే చూడడు. కవరు మీద పేరు రాసి ఇంటికి పంపితే తండ్రి అయినా చేతికిస్తాడు.

రాజశేఖర్ ఆయనకు గుర్తున్నాడు. పొడుగ్గా, గోధుమరంగులో, మూడో వరుసలో గోడవైపు కూర్చునేవాడు. గుర్తుండటానికి కారణం ఒకటే. వాడు ల్యాబులో లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగాడు. పదకొండో ప్రోగ్రాం చేయిస్తున్న రోజు అది. దాని పేరు పాలిమార్ఫిజం. వాడు రికార్డు తెరిచి పట్టుకుని, "సార్, ఈడ రికార్డులో సర్కిల్ అని వచ్చిందని రాసినారు. నా సిస్టంలో షేప్ అని వస్తాంది" అన్నాడు. త్రివిక్రమరావు తన కుర్చీలోంచి కదలకుండానే, "రికార్డులో ఉండేది రాయప్పా. సిస్టం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ సిస్టములు పాతవి, పిల్లలు సగం తప్పులు టైపు చేస్తారు. వాడు కూర్చున్నాడు. తర్వాత చూడటమనేది జరగలేదు.

ఉత్తరం మొదలుపెట్టడం తేలికే అయింది. మెట్లు మెట్లుగా రాద్దామనుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కేలా. పాలిమార్ఫిజం అంటే చెప్పడానికి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. షేప్ అనే తల్లి క్లాసు ఒకటి. సర్కిల్ అనే పిల్ల క్లాసు ఒకటి. వైశాల్యం కట్టే పని ఇద్దరికీ ఉంది, పని పేరు ఇద్దరి దగ్గరా ఏరియానే, కట్టే పద్ధతి వేరు. తల్లి పేరు రాసిన డబ్బాలో పిల్లను పెట్టి, ఏరియా అని పిలిచామనుకోండి. పై పేరు తల్లిదైనా, పని లోపలున్న పిల్ల పద్ధతిలోనే జరగాలి. జరిగితే అదే పాలిమార్ఫిజం. ఇంతే. దీనికి ఉదాహరణగా, ఎవరి పద్ధతి నడిస్తే వాళ్ల పేరు తెర మీద చూపే, రికార్డులోని పదకొండో ప్రోగ్రామే వాడదామని, రాసే ముందు ఒకసారి నడిపి చూద్దామనుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ ప్రోగ్రాంను ఆయన తన చేత్తో నడిపి చూసింది లేదు. పిల్లలు నడుపుతారు, ఆయన సంతకం పెడతాడు.

కడపలో ఉద్యోగం చేసే కూతురు వదిలిపోయిన పాత లాప్‌టాప్ తెరిచి టైపు చేశాడు. నడిపాడు. షేప్ అని వచ్చింది.

టైపింగులో తప్పు జరిగిందనుకుని అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. మళ్లీ నడిపాడు. మళ్లీ షేపే. మూడోసారి, పిల్ల క్లాసులోని ఏరియా మీద ఓవర్‌రైడ్ అనే గుర్తు పెట్టాడు. నేను తల్లి పనినే తిరగరాస్తున్నాను, నిజమో కాదో చూడు అని, ప్రోగ్రాంను నడిపే ముందు సరిచూసే కంపైలరుకు చెప్పే గుర్తు అది. కంపైలరు అసలు ముందుకే కదలలేదు. ఈ పిల్ల తల్లి పనిని తిరగరాయడం లేదని ఎర్ర గీత పెట్టి నిలబడింది.

అప్పుడు కనిపించింది. తల్లి దగ్గర ఏరియాకు ఇచ్చే విలువ రకం డబుల్, అంటే దశాంశం ఉండగల సంఖ్య. పిల్ల దగ్గర రకం ఇంట్, అంటే పూర్ణసంఖ్య. మనిషి కంటికి రెండూ ఒకే ఏరియా. కంప్యూటరుకు మాత్రం అవి పేరొకటే అయిన రెండు వేర్వేరు పనులు. తల్లి పేరుతో ఐదు అనే సంఖ్య ఇచ్చి పిలిస్తే, కంపైలరు తల్లి జాబితాలోనే చూస్తుంది, అక్కడున్న డబుల్ ఏరియాను ఖాయం చేస్తుంది, ఐదును ఐదు పాయింట్ సున్నాగా మార్చుకుంటుంది. నడిచేటప్పుడు పిల్లలో ఆ పనిని ఎవరైనా తిరగరాశారా అని వెతుకుతుంది. రాయలేదు. కాబట్టి తల్లి పనే జరుగుతుంది. షేప్ అనే వస్తుంది. రాజశేఖర్ సిస్టం సరిగ్గానే చెప్పింది.

ఆయన లాప్‌టాప్ ముందు అలాగే కూర్చున్నాడు. భయం వేయలేదు, సిగ్గూ వేయలేదు. పంటికి మత్తు సూది వేశాక నాలుకతో తడుముకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఏదో జరిగిందని తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు. నాగరత్నమ్మ వచ్చి అన్నం చల్లారిపోతోందంది. తిన్నాడు.

మర్నాటికి ఆయన మనసు ఒక దారి వెతుక్కుంది. ఆ కాలేజీలో రికార్డు అనేది వంశపారంపర్య ఆస్తి. పోయిన బ్యాచి రికార్డు చూసి ఈ బ్యాచి రాస్తుంది, దాన్ని చూసి వచ్చే బ్యాచి. గొర్రెదాటు వ్యవహారం. పన్నెండు బ్యాచిలు అలా దాటాయి. మధ్యలో ఏ పిల్లో, ఏ పిల్లవాడో కాపీ కొట్టేటప్పుడు డబుల్ బదులు ఇంట్ అని రాసి ఉంటారు. తప్పు వాళ్లది. తాను చూడకుండా సంతకం పెట్టాడు, అంతవరకే తనది. ఇది తేల్చుకోవాలంటే మొదటి రికార్డు చూడాలి.

మొదటి రికార్డు బుష్రాది. మొదటి జావా బ్యాచిలో ఫస్టు వచ్చిన పిల్ల, ఇప్పుడు జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. త్రివిక్రమరావు బస్సెక్కి వాళ్లింటికి పోయాడు. బస్సులో పక్కనాయన ఏదో అడిగితే గొంతు చూపించి చెయ్యి ఊపాడు. ఈయన మూగవాడనుకుని ఆయన జాలిగా జరిగి కూర్చున్నాడు.

బుష్రా సారును చూసి నిజంగా సంబరపడింది. కుర్చీ వేసింది, టీ తెచ్చింది, ఈయన నోటుపుస్తకంలో రాసింది చదివి అటక మీది పెట్టె దింపించింది. రికార్డు భద్రంగానే ఉంది, పసుపు రంగు తిరిగిన పేజీలతో. ఆ అమ్మాయి దాన్ని ఇంతకాలం దాచుకుంది, సారు సంతకాలున్నాయి కదా అని. పదకొండో ప్రోగ్రాం తీసింది.

పిల్ల క్లాసులో బుష్రా గుండ్రటి అక్షరాలతో డబుల్ అనే రాసింది. దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత. గీత పైన, అదే ఎర్ర సిరాతో, ఇంట్. పక్కన మార్జిన్లో చిన్నగా: "ఇస్తున్నది ఐదు, పూర్ణసంఖ్య. డబుల్ ఎందుకు?" కింద ఆయన పొట్టి సంతకం.

అది తన చేతిరాత. దానికి సాక్షులు అక్కర్లేదు.

కింద అవుట్‌పుట్ చోట సర్కిల్ అని ఉంది. బుష్రా ప్రోగ్రాం నడిపి రాసింది డబుల్ ఉన్నప్పుడు. సారు దిద్దిన తర్వాత మళ్లీ నడపలేదు. ఆయన నోటుపుస్తకంలో "నువ్వెందుకు అడగలేదు?" అని రాశాడు. ఆ అమ్మాయి చదివి కొంచెం ఇబ్బందిగా నవ్వింది.

"మీరు దిద్దినారు గదా సార్. ఇంక అడిగేదేముంది?"

వచ్చే బ్యాచికి ఇచ్చేటప్పుడు కొట్టివేతలు ఉంటే బాగుండదని, ఇంట్ అని శుభ్రంగా తిరగరాసి ఇచ్చానని కూడా చెప్పింది. ఇందులో తన తప్పేదైనా ఉందేమోనని ఆమె ముఖంలో చిన్న భయం కనిపించింది. లేదని త్రివిక్రమరావు చెయ్యి ఊపాడు. టీ తాగాడు. అది చల్లారిపోయి ఉంది, ఆయన గమనించలేదు.

ఇంటికొచ్చి ఉత్తరం రాశాడు. సాయంత్రానికి నాలుగు పేజీలు అయింది. నాగరత్నమ్మ చదవడానికి తీసుకుంది. ఆమె పదో తరగతి దాకా చదివింది, కంప్యూటరు సంగతులు తెలియవు గానీ మనిషి రాత చదవడం వచ్చు. మొదటి పేజీలో ఒకచోట ఆగింది. "మీ రికార్డులో ఒక చిన్న పొరపాటు దొర్లినట్లు తెలియవచ్చింది" అని ఉంది అక్కడ.

"దొర్లడానికి అది రాయి కాదు గదండీ. ఎవరు చేసినారో రాయండి. ఆ పిల్లోడు తన బుర్రే మంచిది కాదనుకుంటాండాడు."

ఆయన మొదటి పేజీ చింపి కొత్త కాగితం తీశాడు. ఈసారి ఇలా మొదలుపెట్టాడు:

"చిరంజీవి రాజశేఖర్‌కు. ముందుగా చెప్పాల్సింది పాఠం కాదు. మీ రికార్డులో పదకొండో ప్రోగ్రాం తప్పు. పన్నెండేళ్ల కిందట ఒక అమ్మాయి సరిగ్గా రాస్తే నేనే దాన్ని తప్పుగా దిద్దాను. దిద్దాక నడిపి చూడలేదు. నీ సిస్టంలో షేప్ అని వచ్చింది చూశావే, ఆ ప్రోగ్రాంకు అదే సరైన జవాబు. నువ్వు చూసింది నిజం. నువ్వు అడిగితే నేను కూర్చోమన్నాను. ఆ తర్వాత నువ్వు పరీక్షల్లో ఏం రాసి ఉంటావో నేను ఊహించగలను. తల్లి పేరుతో పిలిస్తే తల్లి పనే జరుగుతుందని రాసి ఉంటావు. నీ కంటితో చూసిన దాన్నిబట్టి అది న్యాయమైన మాటే. కానీ అసలు సూత్రానికి అది తలకిందులు. తక్కినవాళ్లు నడపకుండా బట్టీపట్టి సర్కిల్ అని రాశారు, మార్కులు పడ్డాయి. నీకు పాఠం ఎక్కకపోవడం కాదు జరిగింది."

ఆ తర్వాత మెట్లు. మొదటి మెట్టులో పుస్తకం, గైడు, రికార్డు మూసెయ్యమన్నాడు. రెండు రోజులు నిర్వచనం జోలికే పోవద్దన్నాడు. నీ చుట్టూ ఉన్న వస్తువుల్లో మూడింటిని తీసుకో, మూడూ చేసే పని ఒకటి పట్టుకో, దానికి ఒకే పేరు పెట్టు, ఒక్కొక్కటి ఆ పనిని ఎలా చేస్తుందో తెలుగులో రాసుకో. ఇదే నీ ప్రోగ్రాం అవుతుంది, సర్కిళ్లూ త్రిభుజాలూ వదిలెయ్యి అన్నాడు.

"రెండో మెట్టు. ఒక తల్లి క్లాసు, ఒక పిల్ల క్లాసు చాలు. పని పేరు, దానికిచ్చే విలువల రకం రెండుచోట్లా అచ్చంగా ఒకటే ఉండాలి. పిల్ల దగ్గర ఓవర్‌రైడ్ గుర్తు తప్పకుండా పెట్టు. నడిపే ముందు ఏం వస్తుందో పెన్నుతో కాగితం మీద రాయి. ఆ తర్వాతే నడుపు. రెండూ కలవకపోతే కాగితం మీది దాన్ని కొట్టెయ్యకు, కారణం దొరికే దాకా అక్కడే ఆగు. నేను ఈ మెట్టు ఎక్కకుండానే పన్నెండేళ్లు పాఠం చెప్పాను.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. తల్లి రకం వేరియబుల్లో పిల్ల వస్తువు పెట్టి పని పిలువు. ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకో, ఇదే వరుసలో. ఒకటి: పైన రాసిన పేరు గల క్లాసుకు ఈ పని తెలుసా? ఇది కంపైలరు అడిగే ప్రశ్న. తెలియకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, లోపల పిల్లకు తెలిసినా సరే. రెండు: లోపల నిజంగా ఉన్నది ఎవరు, వాళ్లు ఆ పనిని తిరగరాశారా? ఇది నడిచేటప్పుడు తేలుతుంది. రాసి ఉంటే వాళ్లదే జరుగుతుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలిపెయ్యడం వల్లే అందరూ తడబడతారు."

నాలుగో మెట్టులో మూడు పిల్ల వస్తువులనూ తల్లి రకం అరేలో, అంటే ఒకే వరుస డబ్బాల్లో, పెట్టి ఒకే లూపుతో ఒకదాని తర్వాత ఒకటి పిలవమన్నాడు. అది నడిచాక నాలుగో పిల్లను తయారు చేసి అరేలో చేర్చు, లూపులో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు, ఇదంతా ఎందుకు కనిపెట్టారో అప్పుడు తెలుస్తుంది అన్నాడు. ఐదో మెట్టులో చేతులారా చెడగొట్టమన్నాడు. గుర్తు తీసేసి, పిల్ల దగ్గర విలువ రకం మార్చు, ప్రోగ్రాం ఏ తప్పూ చూపించకుండా నడుస్తుంది, కానీ తల్లి పని చేస్తుంది, మన రికార్డు జబ్బు అదే. గుర్తు మళ్లీ పెట్టు, కంపైలరు పట్టేస్తుంది. ఆరో మెట్టు చిన్నది. క్లాసులోని డేటా వేరియబుళ్లు, క్లాసుకే చెందిన స్టాటిక్ పనులు ఈ పద్ధతికి లొంగవు, అవి పైన రాసిన పేరునే చూస్తాయి, ఒక్కొక్కటి నడిపి చూసి నమ్ము అన్నాడు.

"ఏడోది. కంప్యూటరంటే తెలియని మనిషికి ఇది చెప్పు. వాళ్లు నిన్ను ఒక ప్రశ్న అడిగే దాకా చెప్పు. అడగకపోతే వాళ్లకు అర్థం కాలేదనుకో. నాకు జవాబు రాయనక్కర్లేదు. ఫీజు మాత్రం కట్టు."

స్పీడు పోస్టులో పంపాడు. జవాబు రాలేదు. రాయనక్కర్లేదని తానే రాశాడు కదా, అయినా రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు వరండాలో కుర్చీ వేసుకునేవాడు. అది ఆశ అని ఆయన ఒప్పుకునేవాడు కాదు, గాలి బాగుంటుందని రాసి చూపేవాడు. గడువుకు ముందురోజు ఆదినారాయణ ఫోన్ చేసి, కొడుకు ఫీజు కట్టినాడని, వాడు పని చేసే దుకాణం కట్టేశాక కంప్యూటర్ ముందు కూచుంటాండాడని చెప్పాడు. ఏమి చేస్తాండావురా అంటే చెప్పడంట.

నెల తిరిగాక డాక్టరు మాట్లాడమన్నాడు. గొంతు తిరిగొచ్చింది, కాస్త బొంగురుగా. కాలేజీలో మొదటి రోజే అందరి రికార్డులూ తెప్పించి పదకొండో ప్రోగ్రాంలో ఇంట్ కొట్టేయించాడు. ఇది నా తప్పు అని చెప్పాడు. పిల్లలు కొట్టేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. పాత బ్యాచిల వాళ్లకు గ్రూపుల్లో రాశాడు. కొందరు నమస్కారం బొమ్మలు పెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గానీ, ఆ పట్టుకోవడమూ చేశాడు.

పరీక్ష జరిగింది. ఫలితాలు వచ్చిన రోజు ఆదినారాయణ చెప్పిన హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసింది నాగరత్నమ్మే. రాజశేఖర్ పాసయ్యాడు. యాభై ఎనిమిది మార్కులు. ఆమె పొంగిపోయి చక్కెర తెచ్చి భర్త నోట్లో వేసింది. ఆయన చప్పరించి బాగుందన్నాడు.

ఆ వచ్చిన ఆదివారం రాజశేఖర్ వచ్చాడు. పులివెందులలో డ్రిప్పు సామాన్ల దుకాణంలో పని చేస్తున్నాడట. చీనీకాయల సంచి గుమ్మం పక్కన పెట్టి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ముందుకంటే సన్నబడ్డాడు. ముఖంలో పాసైన పిల్లవాడి వెలుగు ఉండాల్సిన చోట అలసట ఉంది. నాగరత్నమ్మ ఊరుకోలేదు. ఇంతకీ ఆ పాలి ఏదో ఏంది నాయనా, నాకు చెప్పు, ఇంతమందిని తిప్పలు పెట్టింది అంది.

వాడు తన దుకాణం సామాన్లతోనే చెప్పాడు. తోటలో ఒక ప్యానెలు ఉంటుంది. అది నీళ్లియ్యి అనే ఒక్క మాటే చెప్తుంది. డ్రిప్పు చుక్కచుక్కగా ఇస్తుంది, స్ప్రింక్లరు చుట్టూ చల్లుతుంది, రెయిన్‌గన్ను దూరంగా కొడుతుంది. ప్యానెలుకు అవి ఏవో తెలియనక్కర్లేదు, అన్నీ నీళ్లిచ్చేవే అని తెలిస్తే చాలు. నాగరత్నమ్మ కాస్త ఆలోచించి, రేపు ఇంకో కొత్త రకం తెస్తే ప్యానెలు మార్చాల్నా అని అడిగింది. అక్కర్లేదమ్మా, దానికీ అదే మాట, ఎట్లా ఇయ్యాల్నో అది చూసుకుంటుంది అన్నాడు. ఆమె తృప్తిగా తల ఊపి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. త్రివిక్రమరావు ఇంత శుభ్రంగా ఆ పాఠం ఎవరు చెప్పగానూ వినలేదు, తాను చెప్పగా కూడా.

ఇద్దరే మిగిలారు. త్రివిక్రమరావు బొంగురు గొంతుతో, ఆ రోజు నిన్ను కూర్చోమన్నాను, ఒక్కడివే అడిగావు, నేను లేచి చూడాల్సింది అన్నాడు. ఈ మాట ఆయన మనసులో చాలాసార్లు అనుకున్నదే. అనేశాక ఏదో తీరుతుందనుకున్నాడు. ఏమీ తీరలేదు.

రాజశేఖర్ చేతుల వైపు చూసుకుంటూ, "ఒక్కనికే రాలేదు సార్ అట్ల. ఆ పొద్దు ల్యాబులో పద్నాలుగు మందిమి ఉన్నాం. అందరి సిస్టంలోనూ షేపే వచ్చింది" అన్నాడు.

త్రివిక్రమరావు కుర్చీలో ముందుకు జరిగాడు. మరి ఎవ్వరూ అడగలేదేమప్పా, నేను కోప్పడతాననా అన్నాడు.

"మీకు కోపం యాడుంది సార్. ఎవర్నీ ఒక్క మాట అన్లేదు మీరు." వాడు ఆగి, మర్యాదకు లోటు రాకుండా ఎలా చెప్పాలో వెతుక్కుని, దొరకక ఉన్నదున్నట్టే అన్నాడు. "మీకు పట్టదని సార్. అడిగినా ఒకటే, అడక్కపోయినా ఒకటే అని అందరికీ తెల్సు. నాకే తెలీక అడిగినా."

లోపల కాఫీ గిన్నె దించిన చప్పుడైంది. త్రివిక్రమరావుకు అప్పుడు తగిలింది. కంతి తీసినప్పుడు, లాప్‌టాప్ ముందు, జమ్మలమడుగులో ఎర్ర సిరా చూసినప్పుడు రాని నొప్పి, ఇన్నేళ్ల మత్తు దాటుకుని, మనసులో సరిగ్గా ఎక్కడో తెలిసేలా వచ్చింది. ఆయన కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. నాగరత్నమ్మ కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది, భర్త ముఖం చూసి, ఏమైందని అడిగింది. నొప్పిగా ఉందన్నాడు ఆయన.